కాటుక పెన్సిల్: కొనేటప్పుడు ఏం చూడాలి, కంటి అంచున ఎలా గీయాలి, పసిపిల్లలకు ఎందుకు వద్దు

కాటుక కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ నలుపు దేనివల్ల వచ్చింది? కంటి అంచున పెట్టాక అది ఎక్కడికి పోతుంది? పెన్సిల్ మంచిదా కాదా, అంచున ఎంత దూరం గీయాలి, పాపకు పెట్టొచ్చా లేదా అన్నవన్నీ ఈ రెండింటి నుంచే తేలుతాయి.

ముందు నలుపు సంగతి

హైదరాబాద్‌లో కంటికి పెట్టుకునే నల్లసరుకు మూడు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, ఆముదం దీపమో నెయ్యి దీపమో వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి. దాన్ని కాస్త ఆముదంతోనో నెయ్యితోనో నూరి భరిణెలో పెడతారు. రెండోది కంపెనీ పెన్సిల్. మూడోది చార్మినార్ చుట్టుపక్కల కొట్లలో చిన్న సీసాల్లో, సలాకతో సహా అమ్మే సుర్మా.

మొదటి రెండింటిలో నలుపు ఎక్కువగా బొగ్గుమసిదో ఐరన్ ఆక్సైడ్‌దో అయి ఉంటుంది. సుర్మా సంగతి వేరు. అది రాయిని మెత్తగా నూరిన పొడి. ఆ రాయి చాలాసార్లు గలీనా అనే ఖనిజం, అంటే సీసం, గంధకం కలిసిన లెడ్ సల్ఫైడ్. శుద్ధమైన గలీనా బరువులో దాదాపు 86.6 శాతం సీసమే. అమ్మేవాళ్లు ‘సుర్మా రాయి’ అంటారు, ‘ఇస్మిద్’ అంటారు, ‘ఇందులో ఉన్నది యాంటిమొని, సీసం కాదు’ అని కూడా అంటారు. రాళ్లు రెండూ చూడ్డానికి ఒకేలా మెరుస్తాయి కాబట్టి వాళ్లకూ తేడా తెలియకపోవచ్చు.

సీసాను చేతిలోకి తీసుకుంటే కొంత అర్థమవుతుంది. మసి తేలిక, మెరుపుండదు, ఊదితే ఎగిరిపోతుంది. గలీనా పొడి సీసా చిన్నదైనా చేతికి బరువుగా తగులుతుంది. చిటికెడు తెల్లకాగితం మీద రాసి వెలుతురులో వంచి చూస్తే వెండిరంగు తళుకు కనబడుతుంది. ఈ రెండు గుర్తులూ కనబడితే దాన్ని కంటి దగ్గరికి రానివ్వకండి. కనబడలేదని సీసం లేదనుకోవడానికి మాత్రం లేదు. వేరే పొడులు కలిపిన సుర్మాలో తళుకు తగ్గుతుంది కానీ సీసం ఉండనే ఉంటుంది. ఖాయంగా చెప్పగలిగేది ప్రయోగశాల పరీక్ష ఒక్కటే.

ఇక పెన్సిల్. పెట్టె వెనక్కి తిప్పి, ముందు చిన్న అక్షరాలు చదవండి. తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోగా వాడాలన్నది ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. బేగంబజార్‌లో డజన్ల లెక్కన దొరికే పెన్సిళ్లలో కొన్నింటికి పెట్టే ఉండదు. ధర తక్కువైనంత మాత్రాన సరుకు చెడ్డదని కాదు గానీ, ఎవరు చేశారో రాయని సరుకును కంట్లో పెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

తర్వాత పదార్థాల జాబితా. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర అన్న వరసలో రాస్తారు. మామూలు పెన్సిల్ జాబితా మొదట్లో ఆముదం లేదా హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఆయిల్, తేనెమైనం, క్యాండెలిల్లా మైనం, కార్నౌబా మైనం లాంటివి కనిపిస్తాయి. గీత జారడానికి నూనె, నిలవడానికి మైనం అన్నమాట. ‘24 గంటలు చెదరదు’ అని రాసిన వాటిలో ఐసోడోడెకేన్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం, ట్రైమిథైల్‌సిలోక్సీసిలికేట్ అనే జిగురు ఉంటాయి. ఆ ద్రవం ఎగిరిపోయాక జిగురు పొరలా పట్టుకుంటుంది. అందుకే అవి గీసిన నిమిషంలోపే ఆరిపోతాయి, రాత్రి నీళ్లతో ఎంత కడిగినా పోవు.

రంగులు జాబితా చివర సంకేతాలతో ఉంటాయి. CI 77499 అంటే నల్ల ఐరన్ ఆక్సైడ్. CI 77266 అంటే కార్బన్ బ్లాక్. CI 77007 అల్ట్రామెరైన్ నీలం, CI 77891 టైటానియం డయాక్సైడ్. నల్ల పెన్సిల్‌లో మొదటి రెండింటిలో ఏదో ఒకటి ఉంటే నలుపు ఎక్కడిదో తేలిపోయినట్టే. మన దేశంలో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను సౌందర్య సాధనాల్లో రంగు కోసం వాడటం నిషేధం. మలినంగా ఉండిపోయే సీసానికి కూడా రంగుల్లో 20 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 20 పాళ్లు, మించకూడదన్న హద్దు ఉంది.

ఆయుర్వేద కాటుక కొంటుంటే పేర్లు మరోలా ఉంటాయి. యశద భస్మం అంటే జింకు, దాంతో పేచీ లేదు. నాగ భస్మం అని ఉంటే అక్కడితో ఆగిపోండి. రసశాస్త్రంలో నాగం అంటే సీసం. కర్పూరం ఉన్న కాటుక పెట్టగానే కళ్లు చల్లబడ్డట్టనిపించి నీళ్లొస్తాయి. మలినాలన్నీ కడుక్కుపోతున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కర్పూరం కంటిని రేపడం వల్ల వచ్చే నీళ్లవి.

ఒక్క మిల్లీగ్రాము లెక్క

సలాకను సుర్మాలో ముంచి, విదిలించి కంట్లో ఒకసారి గీసినప్పుడు అంచున 1 మిల్లీగ్రాము అంటుకుందనుకుందాం. అది గలీనా అయితే అందులో 866 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. అదే 1 మిల్లీగ్రాము పెన్సిల్ నుంచి అంటుకుని, అందులో సీసం 20 పీపీఎం దాకా ఉన్నా మొత్తం 0.02 మైక్రోగ్రాములే అవుతుంది.

పిల్లల ఆహారంలో రోజుకు మించకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న సూచిక 2.2 మైక్రోగ్రాములు. అంటే ఆ సుర్మాలో నూటికి ఒక్క వంతే కడుపులోకి పోయినా 8 మైక్రోగ్రాములు దాటింది, సూచికకు దాదాపు నాలుగు రెట్లు. ఆ సంస్థ సుర్మా, కోల్ లాంటి వాటిని రంగుగా అనుమతించదు. కొన్ని నమూనాల్లో బరువులో సగానికి పైగా సీసమే ఉంటుందని కూడా చెబుతుంది.

కంటికి పెట్టింది కడుపులోకి ఎలా పోతుందనే అనుమానం రావాలి. దారులు రెండు. కనుకొలుకు దగ్గర, రెప్పల అంచున సూదిమొనంత కన్నీటి రంధ్రాలుంటాయి. కన్నీరు వాటిలోంచి ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగుతుంది. కంట్లో చుక్కల మందు వేసుకున్నాక గొంతులో చేదు తగిలేది అందుకే. రెండో దారి చెయ్యి. పిల్లలు కళ్లు నలుపుకుంటారు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. చిన్న పిల్లల కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ భాగం ఒంటబడుతుంది.

కంటి అంచున గీయడం

వాటర్‌లైన్ అనేది రెప్పవెంట్రుకలకూ కనుగుడ్డుకూ మధ్య ఉన్న తడి అంచు. అక్కడ వరసగా సన్నని రంధ్రాలుంటాయి, కింది రెప్పకు 20 నుంచి 30, పై రెప్పకు ఇంకాస్త ఎక్కువ. వాటిలోంచి వచ్చే పలచని నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని కన్ను ఎండిపోకుండా చూస్తుంది. మైనం పెన్సిల్‌తో రోజూ అదే అంచు మీద రుద్దితే ఆ రంధ్రాలకు మూత పెట్టినట్టవుతుంది. పైగా అక్కడ గీసింది అక్కడే ఉండదు. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో 2015లో చేసిన ప్రయోగంలో, వెంట్రుకలకు బయట గీసినప్పటి కంటే లోపలి అంచున గీసినప్పుడు 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటిలో చేరాయి, అదీ ఐదు నిమిషాల్లోనే.

కాబట్టి రోజువారీగా వెంట్రుకల మొదళ్లలో, బయటి వైపు గీసుకోండి. లోపలి అంచు గీత పెళ్లికో పండక్కో ఉంచుకుంటే మేలు. లోపల గీయాల్సి వచ్చిన రోజున ఇలా చేయండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. లెన్సులు పెట్టుకునేవాళ్లు లెన్సులే ముందు పెట్టుకోవాలి. వాళ్లకు లోపలి అంచు గీత అసలు వద్దనే చెబుతాం, రేణువులు లెన్సుకు అంటుకుని రోజంతా గరగరలాడిస్తాయి. చెక్క పెన్సిల్ అయితే షార్ప్‌నర్‌లో ఒక చుట్టు తిప్పండి. దాంతో నిన్నటి పైపొర పోతుంది. కొత్తగా వచ్చిన మొన సూదిలా ఉంటే చేతి వెనక రెండు గీతలు గీసి మొద్దు చేయండి. ఆ గీతలే పెన్సిల్‌కు పరీక్ష కూడా. వెన్నలా జారితే సరే. చర్మం లాగినట్టున్నా, ఇసుకలా గీరినా అది లోపలికి పనికిరాదు. తిప్పితే పైకొచ్చే ప్లాస్టిక్ పెన్సిల్‌ను చెక్కలేం కాబట్టి మొనను శుభ్రమైన టిష్యూతో తుడిచి వాడాలి.

అద్దం ముందు గడ్డం కాస్త దించి, చూపు పైకి పెట్టండి. ఉంగరపు వేలితో కింది రెప్పకు ఒక సెంటీమీటరు కింద చర్మాన్ని మెల్లగా కిందికి లాగండి. పక్కకు లాగితే గీత వంకరపోతుంది. బయటి కొస నుంచి మొదలుపెట్టి ముక్కు వైపు చిన్నచిన్న గీతలుగా రండి. రెండు వంతులు రాగానే ఆగండి. కనుకొలుకు వైపు మిగిలిన మూడో వంతు ఖాళీగా వదలాలి, కన్నీటి రంధ్రం ఉన్నది అక్కడే. అంచు మొత్తం నింపితే కన్ను నిండుగా కనబడుతుందనేది నిజమే గానీ, ఆ మూల నింపిన కాటుక గంటలో కనుకొలుకులో నల్లముద్దగా చేరి అందాన్నే పాడుచేస్తుంది. గీత ఆరేదాకా అర నిమిషం పాటు కళ్లు గట్టిగా మూయకుండా ఉండండి.

మే నెల ఎండలో పెన్సిల్ మొన విరిగిపోతూ ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులోనో, స్కూటీ డిక్కీలోనో పెట్టిన పెన్సిల్‌లో మైనం మెత్తబడి, చెక్కేటప్పుడు మొన షార్ప్‌నర్‌లోనే ఇరుక్కుంటుంది. చెక్కేముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. మొన మీద నూనె చెమట పట్టినట్టు కనిపిస్తే, వాసన మారితే దాన్ని వదిలేయండి.

రాత్రి తీయడం గీయడం కన్నా ముఖ్యం. లెన్సులుంటే ముందు లెన్సులు తీసేయాలి. నూనె కలిసిన మేకప్ రిమూవర్‌ను దూది బిళ్లకు తడిపి, మూసిన కన్ను మీద 20 నుంచి 30 సెకన్లు ఊరికే ఆనించి ఉంచండి. మైనం కరిగాక కిందికి ఒక్క తుడుపు చాలు. వెంట్రుకల మొదళ్లలో మిగిలినదాన్ని ఇయర్‌బడ్‌తో అంచు పొడవునా తీయండి, కనుగుడ్డు వైపు తోయకండి. ఆఖర్లో ముఖం కడుక్కుంటే నూనె పోతుంది. పొద్దున లేవగానే కనుకొలుకులో నల్లటి పుసి కనబడుతోందంటే రాత్రి సరిగా పోలేదని అర్థం.

పెన్సిల్ ఎంతకాలం వాడొచ్చో పెట్టె మీద తెరిచిన డబ్బా బొమ్మలో 6M, 12M అని ఉంటుంది. తెరిచిన తేదీ నుంచి అన్ని నెలలని దానర్థం. తెరిచిన రోజే ఆ తేదీని పెన్సిల్ మీద చిన్న స్టిక్కర్ అంటించి రాసుకోండి. కళ్లకలక వచ్చి తగ్గిందా, గడువు మిగిలి ఉన్నా ఆ పెన్సిల్ చెత్తబుట్టలోకే. వానాకాలంలో నగరమంతా కళ్లకలక తిరిగే రోజుల్లో అక్కాచెల్లెళ్లు ఒకే పెన్సిల్ వాడుకోవడం మానుకోవాలి.

ఏదో తేడా చేసిందని ఎలా తెలుస్తుంది? రెప్ప అంచున గింజలా వాచి నొప్పెడితే కంటికురుపు. నొప్పి లేని గట్టి బుడిపె అయితే నూనె గ్రంథి పూడుకున్నట్టు. కాటుక ఆపి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను రోజుకు మూడు నాలుగుసార్లు, ఐదేసి పదేసి నిమిషాలు మూసిన కన్ను మీద కాపండి. పిండకూడదు, సూదితో పొడవకూడదు. వారం, పది రోజుల్లో తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించండి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను లోపల నొప్పి ఉన్నా అంతదాకా ఆగకూడదు. మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, దగ్గర్లోని మరో కంటి ఆసుపత్రికో అదే రోజు వెళ్లాలి. వాడిన పెన్సిల్ కూడా తీసుకెళ్లండి.

పసిపిల్లల సంగతి

కంట్లో వద్దు. సుర్మా అయినా, పెన్సిల్ అయినా, అమ్మమ్మ స్వయంగా పట్టిన మసి కాటుక అయినా సరే.

ఇంటి కాటుకలో సీసం ఉండదు కదా అనే మాట పెద్దవాళ్ల నుంచి తప్పకుండా వస్తుంది. చాలావరకు నిజమే. అయినా పాప కంట్లో పెట్టేటప్పుడు చిక్కు మరోచోట ఉంటుంది. పుట్టిన పిల్లల్లో కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం కొందరికి కింది కొసన సన్నని పొరతో మూసుకునే ఉంటుంది. ఎక్కువమందికి ఏడాది లోపల అదే తెరుచుకుంటుంది. ఆలోగా కన్నీరు నిలిచిన చోట మసి, నెయ్యి, వేలి మురికి చేరితే చీము పట్టడానికి కావలసినవన్నీ సమకూరినట్టే. వేలితో పెట్టేటప్పుడు పాప తల తిప్పితే గోరు కనుగుడ్డుకు గీసుకుంటుంది. కాటుకలో కర్పూరం ఉంటే అది పసిపిల్లల కడుపులోకి పోవడం మరీ ప్రమాదం, ఫిట్స్ తెప్పించగలదు.

కాటుకతో కళ్లు పెద్దవవుతాయన్నది కూడా ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయమే. పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి 16, 17 మిల్లీమీటర్లుంటుంది, పెద్దయ్యాక 23, 24 అవుతుంది. కాటుక పెట్టినా పెట్టకపోయినా అది పెరిగేది అంతే.

ఇరవై ఒకటో రోజు బారసాల అనుకోండి. పీటల మీద కూర్చోబెట్టేముందు అత్తయ్యగారు భరిణె తీస్తారు. ‘కంట్లో పెట్టకుండా ఎలాగమ్మా, దిష్టి తగలదూ?’ అంటారు. చుట్టాల ముందు వాదన పెట్టుకోకుండా, ‘దిష్టిచుక్క పెట్టండత్తయ్యా, కంట్లో మాత్రం డాక్టరుగారు వద్దన్నారు’ అంటే పని జరిగిపోతుంది. ఆ చుక్క ఎక్కడ, దేంతో అన్నది మీరే ముందు అనుకుని ఉండండి.

చెవి వెనకాల పెట్టించండి. బుగ్గ మీద చుక్క పాప చేతికి, అక్కడి నుంచి నోటికి పోతుంది. అరికాలు మంచి చోటే గానీ, ఐదారు నెలలొచ్చేసరికి కాలి బొటనవేలు కూడా నోట్లోకే వెళుతుంది. చుక్క మిరియపు గింజ కన్నా పెద్దది అక్కర్లేదు. దేంతో అంటే, మన ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్న చాదే నయం. సగ్గుబియ్యాన్ని ఇనప మూకుడులో బొగ్గులా మాడ్చి, నీళ్లు పోసి చిక్కబడేదాకా ఉడికించి, కొబ్బరిచిప్పలో పోసి ఎండబెడతారు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక్క చుక్క వేసి వేలితో అరగదీసి పెడితే చాలు. అది చర్మం మీదికే, కంట్లోకి కాదు. రాత్రి స్నానంలో తుడిచేయండి. చిప్ప బూజు పట్టి ఉంటే గీకి వాడుకోవద్దు, పారేయండి.

ఎవరో ముద్దుకొద్దీ అప్పటికే కంట్లో పెట్టేశారనుకోండి. రుద్దకండి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి పిండి, కనుకొలుకు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. మరోసారి తుడవాలంటే మరో దూది. రెండో కంటికి వేరే దూది. లోపల మిగిలింది కన్నీటితోనే పోతుంది. నెలలోపు పాపకు కన్ను ఎర్రబడినా, రెప్పలు వాచినా, పసుపు చీము కారినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లిపాలు కంట్లో పిండటం లాంటివి ఆ సమయంలో అస్సలు వద్దు.

సుర్మా నెలల తరబడి పెట్టి ఉంటే దారి వేరు. ముందు సుర్మా ఆపండి. సీసాను మూత పెట్టి కవర్‌లో కట్టి పిల్లల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి, రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. సూది గుచ్చి నరంలోంచి తీసిన రక్తంతో చేసే పరీక్షే నమ్మదగినది. వేలి కొన నుంచి తీసిన రక్తంలో చర్మం మీది సీసం కలిసి అంకె పెరిగే వీలుంది. ఫలితం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో 3.5 నుంచే పట్టించుకుంటారు. ఇంతవరకు ఫర్వాలేదనే అంకె పిల్లలకు లేదు. పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నాడు కదా అని పరీక్ష మానేయకండి, సీసం చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు. మలబద్ధకం, కడుపునొప్పి, మందు వాడినా తగ్గని రక్తహీనత ఉంటే మాత్రం డాక్టరుకు సుర్మా సంగతి తప్పక చెప్పాలి, అడగకపోయినా. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె కూడా సుర్మా మానాలి, తల్లి రక్తంలోని సీసం బిడ్డకు చేరుతుంది.

కూచిపూడి ప్రదర్శనకో, స్కూల్ వార్షికోత్సవానికో ఆరేడేళ్ల పిల్లలకు కళ్లు దిద్దాల్సి వస్తుంది. రంజాన్ పండగకు సుర్మా పెట్టే ఇళ్లలో కూడా ఇదే పద్ధతి పాటించొచ్చు. పదార్థాల జాబితా ఉన్న పెన్సిల్, అదీ ఆ పిల్లకు విడిగా కొన్నది తీసుకుని, రెప్పవెంట్రుకలకు బయట మాత్రమే గీయండి. మేకప్ వేసేవాళ్లు ఇరవై మంది పిల్లలకు ఒకే పెన్సిల్ తిప్పుతారు. మీ పెన్సిల్ మీరే ఇచ్చి, ‘దీంతోనే దిద్దండి, లోపల వద్దు’ అని ముందే చెప్పండి. ప్రదర్శన అయ్యాక నిద్రమత్తులో ఉన్నా సరే, ఆ రాత్రే తుడిచి పడుకోబెట్టండి.